ముగ్గురం అమ్మిన ఇంటికి నోటీసు ఒకరికే వస్తే: జవాబు ఎవరిది, పన్ను ఎవరెంత?

ప్రశ్న: సార్, నాన్నగారు కట్టించిన ఇంటిని ఆయన పోయాక నేను, తమ్ముడు, చెల్లి కలిసి 2022-23లో కోటీ ఇరవై లక్షలకి అమ్మేశాం. అమ్మ అంతకు ముందే పోయింది, వీలునామా లేదు. డబ్బంతా నా ఖాతాలోకే వచ్చింది, టీడీఎస్ కూడా నా పాన్ మీదే కట్ అయింది. నాన్న వైద్యానికి నేను పెట్టిన తొమ్మిది లక్షలు తీసుకుని మిగిలింది ముగ్గురం సమానంగా పంచుకున్నాం. నేను నా వాటా చూపించి రిటర్న్ వేశాను, తమ్ముడూ వేశాడు, చెల్లి వేయలేదు. ఇప్పుడు మొత్తం కోటీ ఇరవై లక్షలు నా పేరు మీదే చూపిస్తూ నాకొక్కడికే 148ఏ నోటీసు వచ్చింది. జవాబు ఎవరివ్వాలి? పన్ను ఎలా పంచుకోవాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

జవాబు మీరే ఇవ్వాలి. పన్ను మాత్రం ఎవరి వాటాది వాళ్లదే. మీ తమ్ముడూ చెల్లెలూ కట్టాల్సిన పన్నును డిపార్ట్‌మెంట్ మీ దగ్గర వసూలు చేయలేదు. అయితే మీరిచ్చే జవాబు మీ ఒక్కరితో ఆగదు, మిగతా ఇద్దరి లెక్కలనూ బయటికి తెస్తుంది. అందుకే పోర్టల్ తెరవకముందే ముగ్గురూ ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాలి. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందుగా మొత్తం విలువ మీ ఒక్కరి పేరు మీదే ఎందుకు పడిందో చూద్దాం. ముప్పై లక్షలు, అంతకు మించిన స్థిరాస్తి క్రయవిక్రయాల వివరాలను సబ్ రిజిస్ట్రార్ ఏటా ఆదాయపు పన్ను శాఖకు పంపుతారు. ఆ సమాచారంలో మొత్తం విలువ ఉంటుంది గానీ, ఎవరి వాటా ఎంత అనేది చాలాసార్లు ఉండదు. పైగా కొన్నవారు టీడీఎస్ ఫారం 26క్యూబీ ఒక్కటే వేసి, అమ్మినవారి పాన్ దగ్గర మీది ఒక్కటే ఇచ్చారు. నిజానికి ముగ్గురు అమ్మేవాళ్లుంటే మూడు ఫారాలు వేయాలి, ఒక్కొక్కరి వాటాకి ఒక్కొక్కటి. అలా చేయకపోవడంతో కంప్యూటర్‌కి కనిపించింది ఇదే: మీ పాన్ మీద 1,20,00,000 రూపాయల అమ్మకం, దానిపై 1,20,000 టీడీఎస్, రిటర్న్‌లో చూపించింది మాత్రం 40,00,000. మిగిలిన ఎనభై లక్షలు ఎక్కడికి పోయాయన్నదే ఆ నోటీసులో అసలు ప్రశ్న. మీరేదో దాచారని ఇంకా ఎవరూ తేల్చలేదు. 148ఏ అంటే పాత ఫైలు మళ్లీ తెరవాలా వద్దా అని నిర్ణయించే ముందు మిమ్మల్ని అడగడం. ఇక్కడ జవాబు సరిగ్గా ఉంటే విషయం ఇక్కడే ముగిసిపోవచ్చు.

ఇప్పుడు జవాబు ఎవరివ్వాలన్నది. నోటీసు మీద ఎవరి పాన్ ఉందో వాళ్ల లాగిన్‌లోనే అది కనిపిస్తుంది. Pending Actions లోకి వెళ్లి e-Proceedings తెరిస్తే మీకు వస్తుంది, మీ తమ్ముడి లాగిన్‌లో రాదు. మీరు ఆడిటర్‌కి అధికారం ఇచ్చి ఆయన చేత వేయించుకోవచ్చు, కానీ అప్పుడు కూడా అది మీ జవాబే. ఈ విచారణలో మీ తమ్ముడూ చెల్లెలూ కక్షిదారులు కారు, మీకు సాక్షుల లాంటివాళ్లు. వాళ్లు చేయాల్సింది మీ జవాబుకి జతపరచడానికి కాగితాలు ఇవ్వడం. ముగ్గురూ కలిసి సంతకాలు చేసి ఒకే ఉత్తరం పంపాలని కొందరు అనుకుంటారు. దానివల్ల లాభం లేదు, పైగా ఈ ముగ్గురూ ఒక బృందంగా వ్యాపారం చేశారేమో అన్న అనుమానానికి తావిచ్చినట్టవుతుంది. ఆ సంగతి కింద చెబుతాను.

ఇంకో మాట. 'ఇది ముగ్గురిదీ కదా, నేనొక్కణ్ణే ఎందుకివ్వాలి' అని ఊరుకోవద్దు. జవాబు లేకపోతే అధికారి తన దగ్గరున్న సమాచారంతోనే ఉత్తర్వు ఇస్తారు, తర్వాత పాత ఫైలు తెరుస్తూ 148 నోటీసు వస్తుంది, దానికీ స్పందించకపోతే తనకు తోచిన అంచనాతో పన్ను వేస్తారు. నోటీసులో రాసిన గడువు తేదీ చూసుకోండి. కాగితాలు సమకూరవనుకుంటే గడువు ముగియకముందే అదే పోర్టల్‌లో అదనపు సమయం అడగండి. నోటీసుపై ఉన్న డీఐఎన్ నంబరుతో అది అసలైనదో కాదో కూడా అక్కడే సరిచూసుకోవచ్చు. ఈమధ్య నకిలీ నోటీసులూ తిరుగుతున్నాయి కాబట్టి ఈ పని చేయడం మంచిది.

బాధ్యత ఎలా విడిపోతుందన్నది అసలు విషయం. మీ నాన్నగారిది స్వార్జితం, వీలునామా లేదు, అమ్మగారు ముందే పోయారు. హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం ఆ ఇల్లు మీ ముగ్గురికీ తలా మూడో వంతు వచ్చింది. చెల్లెలికి పెళ్లయిందా లేదా అన్నది దీనికి సంబంధం లేదు. ఇలా వచ్చిన ఆస్తి కొడుకు చేతిలో అతని సొంత ఆస్తే అవుతుంది గానీ ఉమ్మడి కుటుంబానిది కాదని సుప్రీంకోర్టు 1986లో చందర్ సేన్ కేసులో చెప్పింది. కాబట్టి హెచ్‌యూఎఫ్ అన్న మాట ఇక్కడ రాదు. మీ నాన్నగారికి ఆ స్థలం తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయ్యుంటే మాత్రం లెక్క వేరు, అప్పుడు నేను చెప్పేదంతా మీకు వర్తించదు.

ముగ్గురినీ కలిపి ఒక 'వ్యక్తుల సంఘం'గా చూసి ఒకే పన్ను వేయొచ్చా? అప్పుడప్పుడు అధికారులు ఈ ప్రశ్న తెస్తారు. దీనికి 1960లోనే జవాబు దొరికింది. ఒక వ్యక్తి చనిపోతే ఆయన ఆస్తి ముగ్గురు భార్యలకు వచ్చింది. ముగ్గురినీ కలిపి ఒక సంఘంగా పన్ను వేశారు. ఇందిరా బాలకృష్ణ కేసుగా అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆదాయం సంపాదించాలన్న ఉద్దేశంతో కొందరు తమంతట తాము కలిస్తేనే అది సంఘమవుతుందని, వారసత్వం వల్ల ఒకే ఆస్తిలో భాగస్తులైనంత మాత్రాన కాదని కోర్టు తేల్చింది. మీరు ముగ్గురూ ఇంటిని అమ్మారు, అంతే. అపార్ట్‌మెంట్ కట్టి ఫ్లాట్లు అమ్మి ఉంటే వాదన బలహీనపడేది. అందుకే జవాబులో 'మేము ముగ్గురం కలిసి నిర్వహించాం', 'మా ఉమ్మడి లావాదేవీ' లాంటి మాటలు రాయకండి. 'నా మూడో వంతు వాటాని నేను అమ్మాను, మిగతా ఇద్దరూ తమ వాటాలను అదే దస్తావేజు ద్వారా అమ్మారు' అనండి. అక్షరాలా జరిగింది కూడా అదే.

ఇప్పుడు మీ లెక్క వేద్దాం. ఇల్లు 2001కి ముందే మీ నాన్నగారిది అయి ఉంటే 2001 ఏప్రిల్ 1 నాటి విలువను ఖర్చుగా తీసుకోవచ్చు. ఉదాహరణకి రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టులో అది పన్నెండు లక్షలు అనుకుందాం. (ఆనాటి రిజిస్ట్రేషన్ విలువ దొరికితే దానికి మించి తీసుకోవడానికి వీల్లేదు, అది చూసుకోండి.) ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకునే ఇండెక్స్ 2001-02కి 100 అయితే, అమ్మిన సంవత్సరం 2022-23కి 331. అంటే పన్నెండు లక్షలు 39,72,000 అవుతుంది. కోటీ ఇరవై లక్షల్లోంచి అది తీసేస్తే మొత్తం లాభం 80,28,000. మీ మూడో వంతు 26,76,000. దానిపై 20 శాతం 5,35,200, సెస్సుతో కలిపి 5,56,608. మీరు ఇప్పటికే రిటర్న్ వేశారు కాబట్టి మీ లెక్క దాదాపు ఇలాగే ఉండాలి.

అదే మొత్తం లాభం మీ ఒక్కరి మీదే వేస్తే? 80,28,000పై 20 శాతం 16,05,600. ఆదాయం యాభై లక్షలు దాటింది కాబట్టి 10 శాతం సర్‌ఛార్జి, ఆపైన సెస్సు, అంతా కలిపి 18,36,806. ముగ్గురూ విడివిడిగా కట్టేదానికంటే ఇది ఎక్కువే. వాటాలు విడదీసి చూపించడం మీకెంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసే చోటు ఒకటుంది. మీ ఖాతాలోకి వచ్చింది 1,18,80,000, ఎందుకంటే కొన్నవారు 1,20,000 టీడీఎస్ పట్టుకున్నారు. అందులోంచి తొమ్మిది లక్షలు మీరు తీసుకుంటే 1,09,80,000 మిగిలింది, మూడు భాగాలు చేస్తే తలా 36,60,000. అంటే మీ చెల్లెలి బ్యాంకు ఖాతాలో కనిపించేది 36,60,000. ఆవిడ పన్ను లెక్క కూడా 36,60,000 మీదే వేయాలా, నలభై లక్షల మీదా? నలభై లక్షల మీదే. చేతికొచ్చిన డబ్బుని బట్టి పన్ను పడదు, ఆస్తిలో ఉన్న వాటాని బట్టి పడుతుంది. ఆస్తి బదిలీ చట్టం 46వ సెక్షన్ కూడా ఇదే చెబుతుంది: వేరే ఒప్పందం లేకపోతే అమ్మినవారు తమ వాటాల విలువను బట్టే ప్రతిఫలానికి హక్కుదారులు. నాన్నగారి వైద్యం ఖర్చులో మూడు లక్షలు ఆవిడ వంతుగా మీకిచ్చారు, అది ఆవిడ తన డబ్బు పెట్టిన ఖర్చు. లాభంలోంచి తగ్గించడానికి వీలుండదు. అలాగే మీరు తీసుకున్న తొమ్మిది లక్షలు మీ అదనపు అమ్మకం ధర కాదు, మీ వాటా కూడా నలభై లక్షలే. (నాన్నగారే ఇల్లు బ్యాంకులో తనఖా పెట్టి అప్పు తెచ్చి ఉండి, ఆ అప్పు తీర్చాకే మీరు అమ్మి ఉంటే వేరే మాట. అలాంటి తనఖా విడిపించిన సొమ్మును ఖర్చుగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1997లో చెప్పింది. చేబదులుకీ ఆసుపత్రి బిల్లుకీ అది వర్తించదు.)

ఒకవేళ చెల్లెలు అమ్మకానికి ముందే రిజిస్టర్ చేసిన హక్కు విడుదల పత్రం ద్వారా తన వాటా మీకు వదిలేసి ఉంటే, అప్పుడు మీ వాటానే పెరిగి ఉండేది, పన్నూ మీదే అయ్యేది. అమ్మకం అయ్యాక 'నాకొద్దులే అన్నయ్యా, నువ్వే ఉంచుకో' అని కొంత వదులుకుంటే వాటా మారదు. పన్ను ఆవిడ కట్టాలి, వదిలేసిన డబ్బు మీకు బహుమతి కింద లెక్క, తోబుట్టువులు ఇచ్చింది కాబట్టి దానిపై మీకు పన్ను లేదు. ఇళ్లలో నోటిమాటగా జరిగే సర్దుబాట్లకీ పన్ను లెక్కకీ మధ్య ఉన్న తేడా ఇదే. ఎప్పుడు వదులుకున్నారన్నది తేదీతో సహా చూస్తారు.

టీడీఎస్ సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. 1,20,000లో న్యాయంగా మీది 40,000. పన్ను శాఖ నిబంధన (రూల్ 37బీఏ) ప్రకారం కూడా ఆదాయం ఎవరి చేతిలో పన్నుకి వస్తే టీడీఎస్ క్రెడిట్ కూడా వారికే. మీ రిటర్న్‌లో 40,000 మాత్రమే వాడుకున్నారా, మొత్తం వాడేసుకున్నారా? మొత్తం వాడుకుని ఉంటే అధికారి అడిగే రెండో ప్రశ్న అదే: ఆదాయం మూడో వంతు చూపించి, క్రెడిట్ మొత్తం ఎలా తీసుకున్నారు? వాళ్లు అడగకముందే మీరే జవాబులో ఒప్పుకుని, అదనంగా వాడుకున్న 80,000ను వడ్డీతో కట్టడానికి సిద్ధమని రాయడం నయం. 'వాటా మూడో వంతే' అన్న మీ ప్రధాన వాదనకి అది బలం. లేదంటే ఒక చోట మూడో వంతనీ, ఇంకోచోట మొత్తం నాదేననీ మీరే అన్నట్టవుతుంది. ఇక తమ్ముడూ చెల్లెలూ ఆ క్రెడిట్ పొందాలంటే కొన్నవారు 26క్యూబీని సరిదిద్దాలి. ఇన్నేళ్ల తర్వాత వాళ్లని పట్టుకుని ఆ పని చేయించడం కష్టం, కానీ అడగడంలో తప్పులేదు. అది కుదరకపోయి, ఆ 80,000 మీ దగ్గరే ఉండిపోతే, మీరు వాళ్లకి తలా 40,000 ఇవ్వాల్సి ఉంటుంది. వాళ్ల 36,60,000లో ఆ కోత కూడా ఉంది మరి.

చెల్లెలి విషయం దగ్గరికి వద్దాం, ఎందుకంటే అసలు చిక్కంతా అక్కడే ఉంది. మీరు జవాబులో 'మిగతా ఎనభై లక్షలు నావి కావు, ఫలానా ఇద్దరివి' అని వాళ్ల పాన్ నంబర్లతో సహా రాయాలి. రాయకపోతే జవాబు నిలబడదు. ఆ వెంటనే అధికారి ఆ పాన్‌లు తెరిచి చూస్తారు. తమ్ముడిది సరిపోతుంది. చెల్లెలి రిటర్న్ కనిపించదు. మీ మీదనుంచి తొలగిన నోటీసు నేరుగా ఆవిడకి వెళుతుంది. అన్నయ్య తన జవాబుతో నన్ను ఇరికించాడని ఆవిడ అనుకోకుండా ఉండాలంటే, మీరు జవాబు వేసే ముందే ఆవిడకి ఫోన్ చేసి చెప్పాలి. కేవలం మంచి సంబంధాల కోసమే ఈ మాట అనడం లేదు. ఆవిడకి డబ్బు పరంగా కూడా దీనివల్ల పెద్ద మేలుంది.

ఆవిడ పేరు మీద నోటీసు రాకముందే అప్‌డేటెడ్ రిటర్న్ (ఐటీఆర్-యూ) వేసుకోవచ్చు. 2025 బడ్జెట్ తర్వాత దీనికి అసెస్‌మెంట్ ఇయర్ ముగిశాక నాలుగేళ్ల వరకూ గడువుంది. మీది 2023-24 అసెస్‌మెంట్ ఇయర్ కాబట్టి చివరి తేదీ 2028 మార్చి 31. కాకపోతే ఆలస్యమైన కొద్దీ భారం పెరుగుతుంది: పన్ను, వడ్డీ కలిపిన మొత్తంపై రెండో ఏడాదిలో 50 శాతం, మూడో ఏడాదిలో 60, నాలుగో ఏడాదిలో 70 శాతం అదనం. ఆవిడ గృహిణి, వేరే ఆదాయం లేదనుకుంటే 26,76,000లోంచి రెండున్నర లక్షల కనీస మినహాయింపు పోతుంది. మిగిలిన 24,26,000పై పన్ను సెస్సుతో 5,04,608. దాని మీద రిటర్న్ వేయనందుకు ఒకటి, ముందస్తు పన్ను కట్టనందుకు ఒకటి, ప్రధానంగా రెండు రకాల వడ్డీలు నెలకు 1 శాతం చొప్పున నడుస్తూ ఉంటాయి. ఆలస్య రుసుము 5,000. ఆపైన అదనపు పన్ను. పెద్ద మొత్తమే, దాచి లాభం లేదు. కానీ నోటీసు వచ్చాక దొరికితే పన్నూ వడ్డీతో పాటు పెనాల్టీ ఉంటుంది. ఆదాయం తక్కువ చూపితే పన్నులో 50 శాతం, కావాలనే తప్పుగా చూపారని తేలితే 200 శాతం దాకా. తనంతట తాను ముందుకొచ్చిన మనిషిని చూసే తీరూ వేరుగా ఉంటుంది.

ఆవిడ అమ్మిన తర్వాత రెండేళ్లలోపు ఏదైనా ఇల్లు కొన్నారేమో, ఆరు నెలల్లోపు 54ఈసీ బాండ్లలో పెట్టారేమో కూడా అడగండి. అలా పెట్టి ఉంటే ఆవిడ పన్ను తగ్గడమో, పోవడమో జరగొచ్చు. ఈ మినహాయింపులు ఎవరివి వారివే. తమ్ముడు ఇల్లు కొన్నాడని మీ పన్ను తగ్గదు, చెల్లెలు బాండ్లు కొన్నదని తమ్ముడిది తగ్గదు.

తమ్ముడు రిటర్న్ వేశాడని ఊరికే వదిలేయకండి, అందులో ఏ అంకెలు వేశాడో తెప్పించుకుని చూడండి. నా దగ్గరికి వచ్చే ఇలాంటి కేసుల్లో ఎక్కువ భాగం ఇబ్బంది పడేది ఇక్కడే. ముగ్గురికి ముగ్గురు ఆడిటర్లు, ఒక్కొక్కరు 2001 విలువ ఒక్కోలా వేస్తారు. మీరు పన్నెండు లక్షలు వేసి, తమ్ముడు పదిహేను లక్షలు వేశాడనుకోండి. అతని మూడో వంతు లాభం 23,45,000 వస్తుంది, మీది 26,76,000. ఒకే ఇల్లు, ఒకే రోజు అమ్మకం, సమాన వాటాలు, లాభంలో 3,31,000 తేడా. మీ జవాబుకి అతని రిటర్న్ జతపరిస్తే ఆ తేడాని మీరే అధికారి చేతిలో పెట్టినట్టు. ఇద్దరిలో ఎవరి విలువకి రిపోర్టు ఆధారం ఉందో చూసి, ఆధారం లేనివారు తమది సరిచేసుకోవాలి. చెల్లెలి రిటర్న్ కూడా అదే రిపోర్టుతో వేయాలి. రిపోర్టు ఒక్కటే ఉండాలి, దాని కాపీ ముగ్గురి దగ్గరా ఉండాలి. దస్తావేజులో రాసిన ధరకంటే రిజిస్ట్రేషన్ విలువ 10 శాతానికి మించి ఎక్కువ ఉంటే ఆ విలువనే తీసుకోవాలన్న నియమం కూడా ముగ్గురికీ ఒకేలా వర్తిస్తుంది.

ఇక జవాబు రాయడం. పొడుగ్గా ఉండక్కర్లేదు. ఇంగ్లిష్‌లో రాయించినా దాని సారం ఇలా ఉంటే చాలు:

'నోటీసులో పేర్కొన్న 1,20,00,000 రూపాయల అమ్మకంలో నా వాటా మూడో వంతు మాత్రమే. ఈ ఆస్తి మా తండ్రిగారి స్వార్జితం. ఆయన వీలునామా రాయకుండా మరణించగా ముగ్గురు వారసులకు సమానంగా సంక్రమించింది. దస్తావేజులో ముగ్గురూ అమ్మకందారులుగా సంతకం చేశారు. నా వాటా 40,00,000పై వచ్చిన 26,76,000 దీర్ఘకాలిక మూలధన లాభాన్ని నా రిటర్న్‌లో చూపి పన్ను చెల్లించాను. సౌకర్యం కోసం మొత్తం సొమ్ము నా ఖాతాలో జమ అయింది. మిగతా ఇద్దరికీ వారి సొమ్ము ఫలానా తేదీల్లో బ్యాంకు ద్వారా బదిలీ చేశాను. వారి పేర్లు, పాన్ నంబర్లు, వాటాలు కింద ఇస్తున్నాను. కాబట్టి నా విషయంలో పన్నుకు రాకుండా తప్పిపోయిన ఆదాయం లేదు.'

దీనికి దస్తావేజు, వారసుల ధ్రువపత్రం, తండ్రిగారి మరణ ధ్రువపత్రం, ఆయన పేరు మీదున్న లింక్ డాక్యుమెంటు, మీ బ్యాంకు స్టేట్‌మెంట్, వాల్యుయేషన్ రిపోర్టు, మీ రిటర్న్ లెక్కల కాగితం జతపరచండి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో డబ్బు వచ్చిన వరుస, తమ్ముడికీ చెల్లెలికీ వెళ్లిన వరుసలు గుర్తుపెట్టి ఇవ్వండి. వాటి పక్కనే ఒక చిన్న లెక్క రాయండి: నలభై లక్షలు, అందులో టీడీఎస్ 40,000 పోగా, వైద్యం ఖర్చు మూడు లక్షలు పోగా 36,60,000. అది లేకపోతే నలభై లక్షల వాటాదారుకి 36,60,000 ఎందుకు పంపారన్న ప్రశ్న మళ్లీ వస్తుంది. ఆసుపత్రి బిల్లులు దొరికితే అవీ ఉంచుకోండి. తమ్ముడూ చెల్లెలూ విడివిడిగా చెరొక ధ్రువీకరణ లేఖ ఇవ్వాలి, 'నా వాటా మూడో వంతు, 40,00,000 నా అమ్మకం విలువ, దానికి పన్ను బాధ్యత నాదే' అని. తమ్ముడు తన రిటర్న్ రసీదు, చెల్లెలు ఐటీఆర్-యూ వేశాక దాని రసీదు జత చేస్తే ఆ ఎనభై లక్షల ప్రశ్న దాదాపు ముగిసినట్టే.

జవాబుతో పాటు, మీ పాన్ మీద శాఖకు చేరిన లావాదేవీలన్నీ చూపించే ఏఐఎస్‌ను పోర్టల్‌లో తెరిచి, ఆ అమ్మకం వివరం దగ్గర మొత్తం విలువ మీది కాదని, మీ వాటా ఎంతో ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి. అది జవాబుకి ప్రత్యామ్నాయం కాదు. ఏఐఎస్‌లో ఫీడ్‌బ్యాక్ ఇచ్చేశాం కదా అని నోటీసుని వదిలేసినవాళ్లు ఉన్నారు, అలా చేయకండి.

ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక్క మాట. మూడేళ్లు దాటాక ఇలాంటి నోటీసు వస్తే, తప్పిపోయిన ఆదాయం యాభై లక్షలు, అంతకు మించి ఉంటేనే ఫైలు తెరవగలరు. మొత్తం ధర ఒకరి మీద వేస్తే ఆ హద్దు దాటుతుంది, వాటాగా విడదీస్తే దాటకపోవచ్చు. అలాంటప్పుడు వాటా సంగతితో పాటు గడువు అభ్యంతరం కూడా మొదటి జవాబులోనే రాయాలి. ఈ ప్రశ్న అడిగినవారికి మూడేళ్ల గడువు 2027 మార్చి 31 దాకా ఉంది, అంతకు ముందే నోటీసు వచ్చి ఉంటే ఈ వాదన పనికిరాదు.

పన్ను ఎవరిది వారిదే అని నేను చెప్పింది ఆదాయపు పన్నుకి మాత్రమే. ఇంటి పన్ను బకాయి, ఉమ్మడిగా సంతకం చేసిన బ్యాంకు అప్పు లాంటి వాటిలో మొత్తం బాకీని ఒకరి దగ్గరే వసూలు చేసే వీలుండొచ్చు. అక్కడ 'నా వాటా ఇంతే' అని తప్పించుకోవడం కుదరదు. ఒకరు మొత్తం కట్టి, మిగతావారి వంతు వాళ్ల నుంచి రాబట్టుకోవాలి. కాంట్రాక్టు చట్టం ఆ హక్కు ఇస్తుంది. రెండిటినీ కలిపేసుకుని కంగారు పడేవాళ్లు చాలామంది ఉన్నారు.

మీ ముగ్గురి మధ్య ఖర్చుల పంపకం గురించి నా అభిప్రాయం అడిగితే ఇలా చేయమంటాను. ఈ నోటీసుకి జవాబు రాయించే ఫీజు, వాల్యుయేషన్ రిపోర్టు ఖర్చు ముగ్గురూ సమానంగా పెట్టుకోవాలి. నోటీసు మీకు వచ్చింది మీ తప్పు వల్ల కాదు, సౌకర్యం కోసం డబ్బు మీ ఖాతాలోకి తీసుకున్నందువల్ల. చెల్లెలి ఆలస్యపు వడ్డీ, అదనపు పన్ను చట్టప్రకారం ఆవిడవే. అన్నదమ్ములు కొంత సాయం చేయాలనుకుంటే అది మీ ఇష్టం, డబ్బు ఆవిడ ఖాతాలో వేసి ఆవిడ పాన్ మీద ఆవిడ చేతే కట్టించండి. మీ పాన్ మీద చలానా కడితే అది ఆవిడ ఖాతాకి చేరదు. మళ్లీ దాన్ని సరిచేయించుకోవడానికి తిరగాల్సి వస్తుంది.

జవాబు వేశాక వచ్చే రసీదు దాచుకోండి. కొంతకాలానికి ఉత్తర్వు వస్తుంది. ఫైలు తెరవనక్కర్లేదని రావచ్చు. ఒకవేళ తెరుస్తున్నామని వచ్చి, వెనకే 148 నోటీసు కూడా వస్తే కంగారు పడకుండా గడువులోపు మళ్లీ రిటర్న్ వేయండి. అందులో చూపించాల్సింది ఆ నలభై లక్షలు, ఆ 26,76,000, టీడీఎస్ 40,000 మాత్రమే. ఒత్తిడిలో ఎవరో చెప్పారని మొత్తం కోటీ ఇరవై లక్షలు మీ రిటర్న్‌లో చూపించేశారంటే, తర్వాత అప్పీలులో 'నాది మూడో వంతే' అని వాదించడం చాలా కష్టమవుతుంది. చెల్లెలి రిటర్న్ వేశాక కూడా ఇంకేదైనా చిక్కు వస్తే, ఉత్తర్వులోని పేరా నంబర్లతో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.